ఆవకాయ పౌచ్‌లు దారిలోనే కారిపోతున్నాయి, లైసెన్స్ నంబరు అడుగుతున్నారు

గోదారి_అమ్మాయి
మాది తణుకు దగ్గర పల్లెటూరు. రెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర పచ్చడి, సున్నుండలు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని బెంగళూరు, పుణె పంపుతున్నాను. పోయిన వారం 22 పార్సిళ్లు వేస్తే 6 ఆవకాయ పార్సిళ్లు నూనె కారి చేరాయి. ఒకటైతే అట్టపెట్టె అడుగు ఊడిపోయి, పక్కవాళ్ల పార్సిల్ మీద కూడా కారిందట. కొరియర్ వాళ్లు పరిహారం ఇచ్చేది లేదన్నారు. అది చాలదన్నట్టు, పుణెలో ఒకావిడ పౌచ్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేదనీ, తేదీ లేదనీ ఫొటో తీసి కంప్లైంట్ చేస్తానంటున్నారు. నేను "12 నెలలు నిల్వ ఉంటుంది" అని మాత్రమే స్టిక్కర్ వేస్తాను. ఇంట్లో చేసి అమ్మేవాళ్లకి కూడా లైసెన్స్ కావాలా? కారకుండా ఏ పౌచ్ వాడాలి? నాలుగు రోజులుగా నిద్ర లేదు.

చార్మినార్_చిన్నా
ఇంట్లో చేసి వాట్సాప్‌లో అమ్మితే లైసెన్స్ అక్కర్లేదు. పెద్ద సైట్లలో పెట్టినప్పుడే అడుగుతారు. మా పిన్ని అయిదేళ్లుగా అమ్ముతోంది, ఎవరూ అడగలేదు. కారడం సంగతి అంటారా, వాక్యూమ్ మెషిన్ కొనండి, సమస్య అక్కడితో అయిపోతుంది.

పచ్చళ్ల_పద్మక్క
చిన్నా, రెండూ తప్పే. అడగకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు. డబ్బు తీసుకుని తిండి అమ్మితే వంటిల్లైనా షెడ్డైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, వాట్సాప్‌లో అమ్మినా సరే.

గుంటూరు పక్కన తొమ్మిదేళ్లుగా పచ్చళ్లు పెడుతున్నాను, మొదలుపెట్టింది ఇంట్లోనే. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లకి లైసెన్స్ కాదు, రిజిస్ట్రేషన్ సరిపోయేది. ఏడాదికి 100 రూపాయల ఫీజు ఉండేది. foscos.fssai.gov.in లో నువ్వే నింపుకోవచ్చు, ఫొటో, ఆధార్, చిరునామా చాలు. ఏజెంట్లు రెండు మూడు వేలు అడుగుతారు, ఇవ్వకు. ఇప్పటి పరిమితి, ఫీజు ఎంతో అదే సైట్‌లో చూసి నింపు. చిరునామా దగ్గర మాత్రం జాగ్రత్త, పచ్చడి పెట్టే వంటింటి చిరునామానే రాయాలి. వచ్చే నంబరు 14 అంకెలు ఉంటుంది, దాన్నే పౌచ్ మీద వేయాలి.

ఆ పుణె ఆవిడతో వాదన పెట్టుకోకు. డబ్బు వెనక్కిచ్చి, రిజిస్ట్రేషన్ వచ్చేదాకా కొత్త ఆర్డర్లు ఆపు.

బెంగళూరు_బాబాయి
కొనేవాడి వైపునుంచి ఒక మాట. తేదీ లేని ప్యాకెట్ వస్తే మా ఇంట్లో ముందు మా కోడలే పక్కన పెట్టేస్తుంది, పిల్లలకి పెట్టదు. 12 నెలలు అని రాశారు సరే, ఎప్పటినుంచి 12 నెలలు? పుణె ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?

ఆత్రేయపురం_రాజు
మాకూ ఇదే బాధ. పూతరేకులు హైదరాబాద్ పంపితే సగం పొడై చేరేవి. ఇప్పుడు గట్టి డబ్బాలో అటూ ఇటూ కదలకుండా బిగువుగా సర్ది, రాత్రి ఆర్టీసీ కార్గోలో వేస్తే పొద్దున్నకి చేరుతున్నాయి. బెల్లం రేకులు చక్కెర వాటికంటే త్వరగా మెత్తబడతాయి, అందుకే వాటిని దూరం పంపను.

గోదారి_అమ్మాయి
రాజు గారూ, సున్నుండలతో ఇబ్బంది లేదండీ. కారుతున్నది ఆవకాయే.

పార్సిల్_ప్రసాద్
నేను ఏడేళ్లుగా కొరియర్ హబ్‌లో పని చేస్తున్నాను, ఏ కంపెనీయో చెప్పను. నూనె కారిన పార్సిల్ వస్తే మేం విడిగా పెట్టేస్తాం, ఎందుకంటే అది చుట్టూ ఉన్న పది పెట్టెల్ని పాడు చేస్తుంది. పరిహారం సంగతి: బుకింగ్ స్లిప్ మీద లోపల ఏముందని రాశారు?

గోదారి_అమ్మాయి
"గృహోపకరణాలు, గిఫ్ట్" అని రాస్తారండీ కౌంటర్‌లో అబ్బాయి. పచ్చడి అంటే తీసుకోరని తనే చెప్పాడు.

పార్సిల్_ప్రసాద్
ఇంక పరిహారం రాదమ్మా. స్లిప్ మీద ఒకటి, పెట్టెలో ఒకటి ఉంటే క్లెయిమ్ అక్కడే కొట్టేస్తారు. "పచ్చడి, ఆహార పదార్థం" అని రాయించండి, సర్ఫేస్‌లోనే, అంటే లారీలో వెళ్లేలా వేయించండి. విమానంలో వెళ్లే పార్సిల్ స్కానింగ్‌లో నూనె, ద్రవం కనిపిస్తే ఆగిపోతుంది, అక్కడ మూడు రోజులు పోతాయి. సోమ, మంగళవారాల్లోనే బుక్ చేయండి. శుక్రవారం వేస్తే ఆదివారం ఏదో ఒక హబ్‌లో రేకుల షెడ్డు కింద పడుంటుంది.

ఇంకొకటి, "ఈ వైపు పైకి" అని బాణం వేస్తే పనవుతుందనుకోవద్దు. బెల్టు మీద పెట్టె ఎటు దొర్లితే అటే. తలకిందులుగా పడి, పైన ఇరవై కిలోల బరువు ఉంటుందనుకునే ప్యాక్ చేయాలి.

ల్యాబ్_లక్ష్మి
ఏ పౌచ్ వాడాలని అడిగే ముందు, ఎందుకు కారిందో తెలియాలి. కారిన ఆరింటి ఫొటోలు ఉన్నాయా? పౌచ్‌లు ఉబ్బి కారాయా, ఉబ్బకుండానే కారాయా? ఈ రెండిటికీ కారణాలు వేరు, మందు వేరు.

గోదారి_అమ్మాయి
ఇప్పుడే మళ్లీ చూశాను. నాలుగు ఉబ్బలేదు, పైన సీలు దగ్గర నూనె ఊరింది. రెండు మాత్రం బెలూన్‌లా ఉబ్బి పక్క అంచు విడిపోయింది. ఆ రెండూ ఒకే రోజు పెట్టిన పచ్చడిలోవి. నాలుగో రోజు ప్యాక్ చేశాను, మూడో రోజు తిరగకలిపాక.

ల్యాబ్_లక్ష్మి
ఉబ్బిన రెండిటికీ కారణం గ్యాస్. పచ్చడి ఇంకా పులుస్తోందన్నమాట. ఆ విడత కొలతలు చెప్పండి. ముఖ్యంగా ఉప్పు.

గోదారి_అమ్మాయి
ముక్కలు 10 కిలోలు, కారం 2, ఆవపిండి 2, నువ్వుల నూనె సుమారు 3 కిలోలు, వెల్లుల్లి, మెంతులు కొద్దిగా. ఉప్పు మామూలుగా కిలో ముప్పావు వేస్తాం. ఈసారి కిలో పావే వేశాను. బెంగళూరు వాళ్లు ఉప్పెక్కువైందని రెండుసార్లు చెప్పారు.

పచ్చళ్ల_పద్మక్క
అదుగో! అమ్మా, అరకిలో ఉప్పు తగ్గించి 12 నెలల స్టిక్కర్ అదే వేశావు.

ల్యాబ్_లక్ష్మి
లెక్క చూడండి. మామూలుగా చేసినప్పుడు మొత్తం పచ్చడి 18 కిలోల ముప్పావు, అందులో ఉప్పు కిలో ముప్పావు, అంటే 9 శాతం పైన. ఈసారి 18 కిలోల పావులో కిలో పావు, అంటే దాదాపు 7 శాతం. పుల్లటి మామిడి కాబట్టి ప్రమాదకరమైన క్రిములు సాధారణంగా పెరగవు. కానీ పులియబెట్టే వాటికి చోటు దొరికింది. పైగా నాలుగో రోజుకి ముక్క ఊట వదలడం పూర్తి కాదు. సీలు వేశాక లోపలే నీరు దిగుతుంది, గ్యాస్ పుడుతుంది, లారీలో ఎండకి ఇంకా పెరుగుతుంది. పౌచ్ ఎంత ఖరీదైనది వాడినా ఆ రెండూ ఉబ్బేవే.

చార్మినార్_చిన్నా
అందుకే వాక్యూమ్ అన్నాను, గాలి తీసేస్తే గ్యాస్ ఎక్కడిది?

ల్యాబ్_లక్ష్మి
బయటి గాలి తీసినా లోపల పులిసి పుట్టే గ్యాస్ ఆగదు చిన్నా గారూ. ఇంకొక చిక్కు, మామూలు వాక్యూమ్ మెషిన్ గాలితోపాటు నూనెనీ పైకి లాగుతుంది. అది సీలు చోట అంటుకుంటుంది. పొడులకీ జంతికలకీ వాడండి, బాగా పని చేస్తుంది.

చార్మినార్_చిన్నా
నూనె పైకి వస్తుందని నాకు తోచలేదు. మేం కరివేపాకు పొడికి వాడాం, దానికి బాగానే ఉంది. లైసెన్స్ సంగతి మా పిన్నికి చెప్తాను.

పచ్చళ్ల_పద్మక్క
ఇప్పుడు ఉబ్బకుండా కారిన నాలుగింటి సంగతి. గరిటెతో నింపుతున్నావు కదూ? నింపేటప్పుడు పౌచ్ మూతి లోపలి వైపు నూనె అంటుకుంటుంది. చేతి సీలర్ వేడికి ప్లాస్టిక్ అతుక్కున్నట్టే ఉంటుంది, కానీ మధ్యలో నూనె పొర ఉంటుంది. రెండు రోజులు ఒత్తిడి పడితే అక్కడే విడుతుంది. జిప్ ఉన్న పౌచ్ కదా అని నమ్మకు, జిప్ వాసన ఆపదు, నూనె అసలే ఆపదు.

మేం చేసేది చెప్తాను. వెడల్పు మూతి గరాటా పౌచ్ లోపలికి నాలుగు వేళ్లు దిగేలా పెట్టి నింపుతాం. గరాటా తీశాక మూతి లోపల పొడి టిష్యూతో తుడుస్తాం, తడిబట్ట కాదు. అరకిలో పచ్చడికి ఒక సైజు పెద్ద పౌచ్ తీసుకుంటాం, పైన మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. సీలు ఒకటి కాదు, వేలెడు ఎడంతో రెండు. తర్వాత ప్రతి పౌచ్‌నీ పాత పేపర్ మీద బోర్లించి, పైన అయిదు కిలోల బియ్యం సంచీ పెట్టి రాత్రంతా ఉంచుతాం. పొద్దున పేపర్ మీద నూనె మచ్చ కనిపిస్తే ఆ పౌచ్ ఊరు దాటదు.

ఆవకాయ జాడీలో కనీసం పదిహేను రోజులు ఊరాకే పౌచ్‌లోకి వెళ్తుంది. కొత్తావకాయ కావాలని మే నెలలో ఫోన్ చేసి తొందర పెడతారు. అలాంటివాళ్లని ఆగమని చెప్పడమే.

బెంగళూరు_బాబాయి
అలా తొందర పెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. ఈసారి ఆగుతాను. కానీ ఉప్పు సంగతి వదలొద్దు. నాకు బీపీ, మా డాక్టరు పచ్చడే మానమంటున్నాడు. తక్కువ ఉప్పు ఆవకాయ అమ్మకూడదా?

ల్యాబ్_లక్ష్మి
అమ్మొచ్చు. దాన్ని వేరే సరుకుగా చూడాలి. వేరే పేరు, తక్కువ గడువు, ఫ్రిజ్‌లో ఉంచమని లేబుల్ మీద రాయడం. పాత 12 నెలల మాట దానికి వర్తించదు. నాలుగైదు రోజులు వేడిలో తిరిగే పార్సిల్‌లో దాన్ని పంపడం మాత్రం నాకు నచ్చదు. బీపీ ఉన్నవాళ్లు తక్కువ ఉప్పు పచ్చడి అయినా డాక్టరు చెప్పినంతే తినాలి.

పచ్చళ్ల_పద్మక్క
లక్ష్మి గారు చెప్పింది సరే, నేనైతే అసలు చేయను. ఆవకాయకి ఉప్పు రుచి ఒక్కటే కాదు, కాపలా కూడా.

కరీంనగర్_కవిత
మేం సకినాలు, గారెలు పంపుతం. మా దాంట్ల కారుడు లేదు గని కొరియర్ బిల్లు ఎక్కువైతుంది. కిలో సరుకుకు రెండున్నర కిలోల రేటు ఎందుకు వేస్తున్నరో ఎవరన్నా చెప్పున్రి.

పార్సిల్_ప్రసాద్
పెట్టె పెద్దదై ఉంటుంది. బరువు, పరిమాణం రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 30, 20, 20 పెట్టె అంటే 12,000, దాన్ని 5000తో భాగిస్తే 2.4 కిలోలు. లోపల కిలో సరుకే ఉన్నా 2.4కే కడతారు. అదే సరుకు 24, 18, 12 పెట్టెలో పడితే కిలో మీద కొద్దిగా వస్తుంది. కొన్ని కంపెనీలు సర్ఫేస్‌కి వేరే అంకెతో భాగిస్తాయి, ఒప్పందం చేసుకునే ముందు అడగండి.

కరీంనగర్_కవిత
ఇన్ని రోజులు గాలికి పైసలు కట్టిన్నన్నట్టు. సకినాలు ఇరుగుతయని పెద్ద డబ్బా వాడిన. రాజన్న చెప్పినట్టు బిగువుగ సర్ది చూస్త.

గోదారి_అమ్మాయి
అందరి మాటలూ పుస్తకంలో రాసుకుంటున్నాను. పద్మక్కా, లేబుల్ మీద ఏమేం ఉండాలి? ఇప్పుడు ఉన్నది మా పేరు, ఫోన్ నంబరు, "12 నెలలు" అంతే.

పచ్చళ్ల_పద్మక్క
నీ ఆవకాయకే రాసి చూపిస్తాను, అలా అయితే గుర్తుంటుంది.

పేరు: మామిడికాయ ఆవకాయ. పక్కనే చతురస్రంలో ఆకుపచ్చ చుక్క. పదార్థాలు ఎక్కువ బరువున్నది ముందు వచ్చేలా: మామిడి ముక్కలు, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి, మెంతులు, పసుపు. నికర బరువు 500 గ్రాములు, అది పౌచ్ బరువు తీసేసిన పచ్చడి బరువు. తయారుచేసిన వాళ్ల పేరు, పూర్తి చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు. అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ, గ్రాముకి ఎంత పడుతుందో కూడా. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు. ఫిర్యాదుకి ఫోన్, ఈమెయిల్. "తడి గరిటె వాడవద్దు, పొడి చోట ఉంచండి" అన్న మాట. పోషకాల పట్టిక కూడా అడుగుతారు. నీ స్థాయి వాళ్లకి దాంట్లో మినహాయింపు వర్తిస్తుందో లేదో రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు అధికారినే అడుగు. సున్నుండల లేబుల్ మీద మాత్రం నెయ్యి ఉంది కాబట్టి "పాల పదార్థం ఉంది" అని, జీడిపప్పు వేస్తే అదీ విడిగా రాయాలి, పడనివాళ్ల కోసం.

తప్పు లేబుల్‌కి చట్టంలో 3 లక్షల దాకా జరిమానా ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, స్టిక్కర్ ఖర్చు దగ్గర పీనాసితనం వద్దని.

బెంగళూరు_బాబాయి
బ్యాచ్ నంబరు ఎందుకమ్మా, ఇంట్లో పెట్టేదానికి?

పచ్చళ్ల_పద్మక్క
మూడేళ్ల కిందట మా పచ్చడి కొన్న ఒకాయన బూజు ఫొటో పంపారు. పౌచ్ మీద బ్యాచ్ చూస్తే అది మూడో జాడీ. మిగతా జాడీలు శుభ్రంగా ఉన్నాయి, మూడోదాంట్లో పైన తెల్లటి పొర. పనిలో కొత్తగా చేరిన అమ్మాయి కడిగిన గరిటె ఆరకముందే పెట్టిందట. ఆ జాడీ నుంచి 14 పౌచ్‌లు వెళ్లాయి. పద్నాలుగు ఇళ్లకీ ఫోన్ చేసి పారేయమని, డబ్బు ఇచ్చేశాను. బ్యాచ్ నంబరు లేకపోతే ఆ నెల వెళ్లిన రెండొందల పౌచ్‌లకీ చేయాల్సి వచ్చేది, లేదా ఎవరికీ చేయకుండా ఊరుకునేదాన్ని. ఆ రెండోది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

గోదారి_అమ్మాయి
మరి గడువు ఎంత వేయాలి? మా అమ్మమ్మ జాడీలో రెండేళ్లు ఉండేది.

ల్యాబ్_లక్ష్మి
జాడీ చీకటి గదిలో, మూతికి బట్ట కట్టి, ఏడాదంతా కదలకుండా ఉంటుంది. మీ పౌచ్ ఎండలో తిరిగి, ఫ్లాట్‌లో పొయ్యి పక్కన నిలబడుతుంది. మీ గడువుని మీ పౌచే చెప్పాలి.

ప్రతి విడత నుంచి ఆరు పౌచ్‌లు అమ్మకుండా పక్కన పెట్టండి, చల్లటి చోట కాదు, మామూలు గదిలోనే. నెలకొకటి తెరవండి. రంగు నల్లబడిందా, ముక్క మెత్తబడిందా, నూనె పాత వాసన వస్తోందా, పైన పొర ఉందా చూసి తేదీతో రాసుకోండి. ఏ నెలలో తేడా కనిపిస్తే దానికి రెండు నెలల ముందు గడువు పెట్టండి. ఆరు నెలలూ బాగుంటే, అప్పటిదాకా ఆరు నెలలే వేయండి, పన్నెండు కాదు. ఒకసారి గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పీహెచ్, ఈస్ట్, బూజు లెక్క చూపించుకుంటే మీ చేతిలో కాగితం ఉంటుంది. గోంగూరకి ఇవన్నీ విడిగా చేయాలి, ఆకు కడిగాక తడి ఆరలేదంటే మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

పచ్చళ్ల_పద్మక్క
ఆరు నెలలు మరీ తక్కువండీ. ఉప్పు, నూనె సరిగ్గా పడిన ఆవకాయకి నేను ఏడాదే వేస్తాను, తొమ్మిదేళ్లుగా ఒక్కటీ తిరిగి రాలేదు, ఆ మూడో జాడీ తప్ప.

ల్యాబ్_లక్ష్మి
మీ దగ్గర తొమ్మిదేళ్ల అనుభవం, లెక్క ఉన్నాయి పద్మ గారూ. ఆ అమ్మాయి దగ్గర ఇంకా లేవు. అందుకే అన్నాను.

చార్మినార్_చిన్నా
జీఎస్టీ సంగతి ఎవరూ అనలేదు. 40 లక్షల దాకా అక్కర్లేదు కదా, అది ఖాయం.

పచ్చళ్ల_పద్మక్క
ఆంధ్రలో ఉండి, రాష్ట్రం లోపలే అమ్మితే ఆ మాట. తణుకు నుంచి బెంగళూరు, పుణె అంటే రాష్ట్రం దాటింది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. నేనూ రెండో ఏడు ఆడిటర్ చెప్తేనే తెలుసుకున్నాను. ఈ పని ముందు చేయించుకో అమ్మా.

గోదారి_అమ్మాయి
ఇది నాకు అసలు తెలియదు. రేపే మా ఊళ్లో ఆడిటర్‌ని కలుస్తాను.

గోదారి_అమ్మాయి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రిజిస్ట్రేషన్ వచ్చింది, ఏజెంట్ లేకుండా నేనే నింపాను. జీఎస్టీకి దరఖాస్తు పెట్టాం, వచ్చేదాకా ఆంధ్రలోనే అమ్ముతున్నాను. పుణె ఆవిడకి డబ్బు పంపి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొత్త లేబుల్ అయ్యాక ఫొటో పంపమన్నారు.

బోర్లించే పరీక్ష చేశాను. గరాటా లేకుండా పాత పద్ధతిలో పది, గరాటాతో తుడిచి రెండు సీళ్లు వేసినవి పది. పాతవాటిలో నాలుగింటికి తెల్లారేసరికి మచ్చ. కొత్తవాటిలో ఒకదానికి వచ్చింది, విప్పి చూస్తే సీలు మధ్యలో ఆవగింజ ఇరుక్కుంది. ఉప్పు మళ్లీ కిలో ముప్పావుకి తెచ్చాను. ఆరు పౌచ్‌లు అలమరలో పెట్టి గోడ క్యాలెండర్ మీద తేదీలు రాశాను. విశాఖకి ఎనిమిది పార్సిళ్లు వేస్తే ఎనిమిదీ శుభ్రంగా చేరాయి. దూరం తక్కువ కాబట్టి దీన్ని ఇంకా లెక్కలోకి తీసుకోవడం లేదు.

గోంగూర మాత్రం గాజు సీసాలో అడుగుతున్నారు. సీసా పంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పార్సిల్_ప్రసాద్
గాజు వద్దమ్మా. పగిలితే నూనెతోపాటు పెంకులు, మా కుర్రాళ్ల చేతులు తెగుతాయి. మూత కింద రేకు సీలు ఉండే ప్లాస్టిక్ డబ్బా చూడండి.

పచ్చళ్ల_పద్మక్క
ఆ రేకు సీలు కూడా డబ్బా అంచుకి నూనె అంటితే పట్టదు, తుడవాల్సిందే. నేను గాజు పంపుతాను గానీ ఒక్కో సీసాని థర్మకోల్ అచ్చులో పెట్టాలి, ఖర్చు గట్టిగా అవుతుంది. గోంగూర ఎన్ని నెలలు ఉంచి చూశావు ముందు అది చెప్పు.

గోదారి_అమ్మాయి
ఇంకా మొదటి నెలేనండీ అక్కా. 28న తెరుస్తాను.